మూడో మెయిల్‌కి కూడా ఉలుకూ పలుకూ లేదు. వాళ్ళ మేనేజర్‌కి ఎప్పుడు చెప్పాలి?

దుబాయ్, అబుదాబి సైట్ ఆఫీసుల్లో డాక్యుమెంట్ కంట్రోలర్లుగా, కోఆర్డినేటర్లుగా, సైట్ ఇంజనీర్లుగా పనిచేసే మన తమ్ముళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న జీతం గురించి కాదు, వీసా గురించి కూడా కాదు. "అన్నా, కన్సల్టెంట్ ఇంజనీర్‌కి రెండు మెయిల్స్ పెట్టా, జవాబు లేదు. మూడోదానికి వాళ్ళ బాస్‌ని సీసీలో పెట్టెయ్యనా?" ఇదీ ప్రశ్న. ఒక్కొక్కరికీ ఇన్‌బాక్స్‌లో చెప్పే బదులు ఇక్కడే వివరంగా రాస్తున్నా. కొంచెం పొడవైన పోస్టు, తీరిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తా. వాళ్ళ మేనేజర్ దగ్గరికి వెళ్ళాల్సిన రోజును మన రిమైండర్ల లెక్క నిర్ణయించకూడదు, మన కోపం అసలే నిర్ణయించకూడదు. పని ఏ రోజుకి ఆగిపోతుందో ఆ రోజు నుంచి వెనక్కి లెక్కేస్తే వచ్చే తేదీయే నిర్ణయించాలి. ఆ తేదీ వచ్చిందంటే ఒక్క రిమైండరే పెట్టి ఉన్నా వెళ్ళాలి. రాలేదంటే ఐదు పెట్టినా వెళ్ళక్కర్లేదు. రేపు పొద్దున్నే కాంక్రీట్ పోయాలి, ఇన్‌స్పెక్షన్‌కి ఎవరూ రాలేదనుకోండి. అక్కడ మూడు రిమైండర్ల పద్ధతి ఏంటి? ఒక ఫోన్, రెండు గంటలు చూడటం, తర్వాత పైకి. అదే మార్చిలో కావాల్సిన పెయింట్ శాంపిల్‌కి సెప్టెంబర్‌లో మేనేజర్‌ని లాగితే నవ్వుతారు.

మనవాళ్ళలో రెండు రకాలు చూస్తుంటా. ఒకరు మొహమాటం మనుషులు. "మళ్ళీ అడిగితే ఏమనుకుంటాడో, పెద్దాయన కదా" అని ఊరుకుంటారు. చివరికి మెటీరియల్ లేట్ అయినప్పుడు మాట పడేది వీళ్ళే. ఇంకొకరు రెండో మెయిల్‌కే ఎర్ర అక్షరాలు పెట్టి, పైన ఉన్న ఆరుగురినీ సీసీలో చేర్చేస్తారు. ఆ మెయిల్ చదివిన ఆరుగురిలో ప్రతివాడూ మిగతా ఐదుగురిలో ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటాడు. అవతలి ఇంజనీర్ మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. రేపు మన ప్రతి ఇన్‌స్పెక్షన్ రిక్వెస్ట్‌లోనూ ఒక తప్పు వెతుకుతాడు. ఇది ఊరికే పుట్టిన భయం కాదు, నిజంగా జరిగేదే. అందుకే ఎప్పుడు వెళ్ళాలన్నది ఎంత ముఖ్యమో, ఎలా వెళ్ళాలన్నదీ అంతే ముఖ్యం.

ఒక కేసు మొత్తం చెప్తా. దుబాయ్‌లో ఒక హోటల్ ప్రాజెక్టు. కంపెనీ పేర్లు అవసరం లేదు. నేను కాంట్రాక్టర్ వైపు టెక్నికల్ కోఆర్డినేటర్‌ని. ఏసీ డక్ట్ ఫైర్ రేటెడ్ గోడను దాటే ప్రతి చోటా ఫైర్ డ్యాంపర్ పెట్టాలి, తెలుసు కదా. మంట వస్తే అది మూసుకుపోయి, డక్ట్ గుండా మంట పక్క గదికి పోకుండా ఆపుతుంది. ఆ డ్యాంపర్ల మెటీరియల్ సబ్మిటల్ ఆగస్టు 26, సోమవారం పంపాం. కాంట్రాక్ట్ ప్రకారం కన్సల్టెంట్‌కి రివ్యూ గడువు 14 రోజులు. అంటే సెప్టెంబర్ 9కి జవాబు రావాలి. రాలేదు.

ఇక్కడ చాలామంది 9వ తేదీనే పట్టుకుని వేలాడతారు. "గడువు దాటింది, గడువు దాటింది" అంటారు. అది కాంట్రాక్ట్ తేదీ. అవసరం తేదీ వేరు. దాన్ని లెక్కేద్దాం. మూడు ఫ్లోర్ల ఫాల్స్ సీలింగ్ మూసేది డిసెంబర్ 16. దానికి ముందు డ్యాంపర్లు బిగించి, ఇన్‌స్పెక్షన్ ఇప్పించుకోవడానికి రెండు వారాలు. కాబట్టి సరుకు సైటుకి డిసెంబర్ 2కి చేరాలి. సప్లయర్ కొటేషన్‌లో డెలివరీ ఎనిమిది వారాలు. కాబట్టి ఆర్డర్ అక్టోబర్ 7కి వెళ్ళాలి. మన ఆఫీసులో పీఓ మీద సంతకాలు పూర్తవడానికి మూడు పనిదినాలు. అంటే అప్రూవల్ అక్టోబర్ 2కి చేతిలో ఉండాలి.

చాలామంది ఇక్కడితో ఆపేసి "అక్టోబర్ 2 దాకా టైముంది" అనుకుంటారు. కానీ వచ్చే జవాబు అప్రూవలే అవ్వాలని ఏముంది? స్టేటస్ 'సి' వేసి, సరిచేసి మళ్ళీ పంపమంటే? సరిచేయడానికి మనకి రెండు మూడు రోజులు, మళ్ళీ చూడటానికి వాళ్ళకి ఓ వారం. ఆ ఒక్క రౌండుకి చోటు వదిలితే మొదటి జవాబు సెప్టెంబర్ 23, సోమవారానికి వచ్చి తీరాలి. ఈ కేసులో నాకు ముఖ్యమైన తేదీ అదొక్కటే. దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నా. 23 మధ్యాహ్నం దాకా ఆయనది, ఆ తర్వాత ఆయన పైవాళ్ళది.

మొదటి రిమైండర్ 10న, మామూలుగా రెండు లైన్లు. జవాబు లేదు. రెండోది పెట్టే ముందు ఒక పని చేశా, ఇది మీరందరూ చేయాలి. అవతలి డాక్యుమెంట్ కంట్రోలర్‌కి ఫోన్ చేశా. ఏ కన్సల్టెంట్ ఆఫీసులో అయినా ఆ కుర్చీలో ఉండే మనిషికి తెలియని విషయం ఉండదు. ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో, ఎవరు లీవులో ఉన్నారో, ఎవరు దేనికి తప్పించుకుంటున్నారో అన్నీ తెలుసు. మర్యాదగా అడిగితే చెప్తారు. తెలిసిందేంటంటే, ఫైల్ చేరింది, ఇంజనీర్ లీవులో లేడు, మా తర్వాత పంపిన పైపుల సబ్మిటల్ కూడా ఆయన చూసి ఇచ్చేశాడు.

ఆ చివరి మాటే అసలు సమాచారం. తర్వాత వచ్చినదాన్ని చూసి, ముందు వచ్చినదాన్ని వదిలేశాడంటే మరిచిపోలేదు, పని భారం కాదు. ఈ ఫైల్‌లోనే ఆయనకి ఏదో అడ్డం ఉంది. మనిషి మౌనంగా ఉంటే బద్ధకం అని మనం చటుక్కున తీర్పు ఇచ్చేస్తాం. నేను చూసినంతలో బద్ధకం తక్కువ. ఎక్కువసార్లు ఆ పని తనది కాకపోవడం, లేకపోతే జవాబు తెలియకపోవడం, లేకపోతే పైన ఎవరో "ఆగు" అనడం. ఈ మూడోది ప్రమాదకరం. ఆగమన్నది ఆయన మేనేజరే అయితే, మనం అదే మేనేజర్‌కి ఫిర్యాదు చేసి సాధించేది ఏమీ ఉండదు. ధర విషయమో, క్లయింట్ వేరే బ్రాండు అడుగుతున్నాడనో, ఏదో ఉంటుంది. అలాంటప్పుడు విషయం మన స్థాయిలో తేలదు, నేరుగా మన ప్రాజెక్ట్ మేనేజర్ చేతిలో పెట్టాలి. ఎలా పసిగట్టాలి అంటే, ఒకే ఇంజనీర్ ఒకే ఫైల్ మీద ఆగితే అది ఆయన ఇబ్బంది. ఒకే సప్లయర్‌వి, లేదా ఖర్చు పెరిగేవి అన్నీ, ముగ్గురు నలుగురు ఇంజనీర్ల దగ్గర ఒకేసారి ఆగితే అది పైనుంచి వచ్చిన మాట.

16న రెండో మెయిల్ పెట్టా. అదే రోజు సైట్‌లో ఎదురుపడితే అడిగా కూడా. "చూస్తా" అన్నాడు. ఆయన తమిళ ఇంజనీర్, వయసులో పెద్దాయన, పనిలో గట్టివాడు. నలుగురి ముందు అంతకంటే గుచ్చి అడగలేదు.

ఇక మూడోది. మూడో రిమైండర్ రిమైండర్‌లా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. మొదటి రెండూ "గుర్తుందా" అని అడుగుతాయి. ఆయనకి గుర్తుంది, అది తేలిపోయింది. మూడోది జవాబు ఇవ్వడాన్ని సులువు చేయాలి, తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పాలి. ఆయన ఒక్కడికే వెళ్ళాలి, సీసీలో ఎవరూ ఉండకూడదు. పాత మెయిల్ కింద "రిప్లై" కొట్టి పంపకండి, కొత్త మెయిల్ పెట్టండి, ఫైల్ మళ్ళీ జతచేయండి. 18, బుధవారం నేను ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"సార్, ఫైర్ డ్యాంపర్ల సబ్మిటల్ మళ్ళీ జతచేశాను. సీలింగ్ డిసెంబర్ 16న మూయాలంటే మొదటి జవాబు మాకు సెప్టెంబర్ 23, సోమవారం మధ్యాహ్నం 12కి కావాలి. లెక్క కింద ఇచ్చాను. మూడింటిలో ఏదో ఒకటి ఒక్క లైనులో చెప్పినా చాలు: రివ్యూ ఆ రోజుకి వస్తుందా, మా వైపు నుంచి ఏదైనా కాగితం తక్కువైందా, లేక ఇది వేరే ఎవరైనా నిర్ణయించాల్సిందా. అప్పటికి దారి దొరకకపోతే మా పీఎం మీ ఆర్‌ఈ గారితో మాట్లాడి సాయం అడుగుతారు. మీకు తెలియకుండా అది జరగకూడదని ముందే చెప్తున్నాను."

చివరి రెండు వాక్యాలు బెదిరింపులా లేవా అని ఒక తమ్ముడు అడిగాడు. సీసీలో ఆర్‌ఈ ఉంటే బెదిరింపే. ఆయన ఒక్కడికే వెళ్తే కాదు. మనం ఏం చేయబోతున్నామో ఆయనకి ఐదు రోజుల ముందు చెప్పినట్టు. ఆ ఐదు రోజుల్లో ఆయనే లేచి వెళ్ళి తన బాస్‌తో "సార్, ఇది నా దగ్గర ఆగింది" అని చెప్పుకోవచ్చు. తన నోటితో చెప్పుకునే అవకాశం దొరికిన మనిషికి మన మీద పగ ఉండదు. ఆయనకి కూడా ఇల్లుంది, పిల్లల స్కూల్ ఫీజులున్నాయి, ఆయన వీసా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఇక్కడ ఎవడి కుర్చీ ఎంత గట్టిదో మనకి తెలియదు. మనిషికి కోపం తెప్పించేది పైకి వెళ్ళడం కాదు, చెప్పకుండా వెళ్ళడం.

ఒక వాక్యం మాత్రం రాయకండి. "ఈ తేదీలోపు జవాబు రాకపోతే అప్రూవ్ అయినట్టు భావిస్తాం." ఇది రాయడం మన సైట్లలో ఫ్యాషన్ అయిపోయింది. మౌనం అంగీకారం అని కాంట్రాక్ట్‌లో ఉంటే ఆ క్లాజ్ నంబర్ వేసి రాయండి. లేకపోతే అది గాలి మాట. దాన్ని నమ్మి ఆర్డర్ పెట్టి, తర్వాత స్టేటస్ 'సి' వస్తే ఆ డ్యాంపర్లు ఎవరు కొనుక్కుంటారు? పైగా ఇవి ఫైర్ సేఫ్టీ సామాన్లు, సివిల్ డిఫెన్స్ వాళ్ళు చూసేవి. మౌనం చూపించి పాసవ్వడం కుదరదు.

23 మధ్యాహ్నం 12 దాటింది. జవాబు రాలేదు. ఇప్పుడు ఆర్‌ఈకి నేను మెయిల్ పెట్టాలా? వద్దు. ఆయన ఆ ఇంజనీర్‌కి మేనేజర్, నాకు కాదు. కోఆర్డినేటర్ నేరుగా ఆర్‌ఈకి రాస్తే, ఆర్‌ఈ ఆ మెయిల్‌ని తిప్పి అదే ఇంజనీర్‌కి పంపుతాడు, కింద "దయచేసి చూడండి" అని ఉంటుంది. మొదటికొస్తాం. ఆర్‌ఈతో మాట్లాడాల్సింది ఆయనతో సమానంగా కూర్చునే మనిషి, అంటే మన పీఎం. మన పని పీఎంకి సామాన్లు సిద్ధం చేయడం. అర పేజీ చాలు. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, లేట్ అయితే ఏది ఆగుతుంది, అడ్డం ఏమై ఉండొచ్చు. మూడు మెయిళ్ళ తేదీలు వేరే కాగితంలో పెట్టండి. అడిగితే పీఎం చూపిస్తాడు, అడగకపోతే అక్కర్లేదు. "ఎన్నోసార్లు గుర్తుచేసినా" అనే మాట ఎక్కడా రానివ్వకండి. ఆ మాట రాగానే చర్చ డ్యాంపర్ల మీద నుంచి ఎవరిది తప్పు అన్నదాని మీదకి పోతుంది. ఆర్‌ఈ తన మనిషిని వెనకేసుకొస్తాడు. మన పీఎం అయినా మనల్ని అలాగే వెనకేసుకు రావాలి కదా.

ఇంకో సంగతి. మరుసటి రోజు, మంగళవారం, వీక్లీ ప్రోగ్రెస్ మీటింగ్ ఉంది. అక్కడ పెండింగ్ సబ్మిటల్స్ లాగ్‌ని తెర మీద వేస్తారు. క్లయింట్ కూడా కూర్చుంటాడు. మా ఆఫీసులో ఒకాయన "రేపు మీటింగ్‌లో పెట్టేద్దాం, అందరి ముందు అడిగితే దెబ్బకి దిగొస్తారు" అన్నాడు. దిగిరారు. క్లయింట్ ముందు ఆర్‌ఈ తల దించుకోవాల్సి వస్తే, మొదట మన సబ్మిటల్‌లో లోపాలు చదువుతాడు. అందుకే మా పీఎం మీటింగ్ కంటే ముందు రోజే, 23 సాయంత్రమే, ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నా. రెండు నిమిషాలు. "డ్యాంపర్ల దగ్గర ఏదో ప్రశ్న ఉన్నట్టుంది, మీ ఇంజనీర్‌కి మా నుంచి ఏమైనా కావాలంటే రేపు మీటింగ్‌కి ముందు కూర్చుందాం. నాకు ఈ వారంలో తేలకపోతే సీలింగ్ తేదీ కదులుతుంది." అంతే. ఇంజనీర్ మీద ఒక్క మాట లేదు. తర్వాత నాలుగు లైన్ల మెయిల్, ఆర్‌ఈకి. సీసీలో ఆ ఇంజనీర్, నేను. ఆయన్ని సీసీలో వదిలేయకండి, అది వెనకాల మాట్లాడినట్టు అవుతుంది. బీసీసీ అయితే అసలు వద్దు, ఎవరో ఒకరు "రిప్లై ఆల్" కొట్టగానే బయటపడుతుంది.

మంగళవారం పొద్దున కూర్చుంటే విషయం పది నిమిషాల్లో బయటపడింది. డ్యాంపర్‌కి జతచేసిన సివిల్ డిఫెన్స్ సర్టిఫికెట్ గడువు నవంబర్ మధ్యలో అయిపోతుంది. సరుకు వచ్చేది డిసెంబర్‌లో. ఈ రోజు చెల్లే సర్టిఫికెట్ చూసి సంతకం పెడితే, సరుకు వచ్చే రోజుకి అది చెల్లకపోతే ఎవరిది బాధ్యత? ఆయనకి తెలియలేదు. వెనక్కి పంపితే లేట్‌కి తనే కారణం అంటారు, ఒప్పుకుంటే రేపు తన మెడకే చుట్టుకుంటుంది. అందుకని పక్కన పెట్టాడు. ఆర్‌ఈ వెంటనే తేల్చాడు. స్టేటస్ 'బి', అంటే వ్యాఖ్యలతో అప్రూవల్. వ్యాఖ్య ఒక్కటే: సరుకుతో పాటు రెన్యూ అయిన సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే సైట్‌లో దించనివ్వం. 25న కాగితం చేతికొచ్చింది. సప్లయర్ ఆర్డర్‌లో కూడా అదే షరతు రాయించాం.

గమనించండి, ఇది ఆ ఇంజనీర్ స్థాయిలో తేలే విషయమే కాదు. రిస్క్ ఎవరు మోయాలన్న నిర్ణయం ఆర్‌ఈది. నాలుగో రిమైండర్, ఐదో రిమైండర్ పెట్టినా ఆయన చేయగలిగింది ఏమీ లేదు. మేనేజర్‌ని లోపలికి తేవడం అంటే శిక్ష వేయించడం అని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న చోటికి కాగితాన్ని చేర్చడం. ఆ మాటని మన మెయిల్ భాషే చెప్పాలి. "మీ ఇంజనీర్ జవాబు ఇవ్వట్లేదు" అని కాదు, "ఈ విషయంలో మీ నిర్ణయం కావాలి" అని.

ఇక పీఎం స్థాయిలోనూ తేలకపోతే? అప్పుడది రిమైండర్ల వ్యవహారం కాదు, కాంట్రాక్ట్ నోటీసు. ఇక్కడి చాలా కాంట్రాక్టులు ఫిడిక్ మీద ఆధారపడి ఉంటాయి. 1999 రెడ్ బుక్‌లో 20.1 క్లాజ్ ప్రకారం, అదనపు టైమ్ అడగాలంటే ఆ కారణం మనకి తెలిసిన రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. దాటితే హక్కు పోతుంది. మీ కాంట్రాక్ట్‌లో ఆ రోజులు మార్చి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. నోటీసు రాసేది పీఎం, కాంట్రాక్ట్స్ వాళ్ళు. మనం చేయాల్సింది "సార్, ఫలానా రోజు నుంచి మనకి తెలుసు" అని తేదీ చెప్పడం. స్నేహంగా పెట్టిన మూడు రిమైండర్లు నోటీసు కిందకి రావు, అది కూడా గుర్తుండాలి.

సబ్ కాంట్రాక్టర్ కంపెనీల్లో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. మీరు కన్సల్టెంట్‌కి నేరుగా రాయకూడదు, మెయిన్ కాంట్రాక్టర్ ద్వారానే పోవాలి. కాబట్టి మీ మొదటి రిమైండర్‌కి ముందే అడగాల్సిన ప్రశ్న వేరు: "మా ఫైల్ మీ దగ్గర నుంచి కన్సల్టెంట్‌కి వెళ్ళిందా? ట్రాన్స్‌మిటల్ నంబర్ ఇవ్వండి." నంబర్ ఇవ్వలేకపోతున్నారంటే మౌనంగా ఉన్నది కన్సల్టెంట్ కాదు, మీ ముందున్న మనిషే. మేనేజర్ లెక్క కూడా అక్కడి నుంచే మొదలు.

వాట్సాప్ గురించి కూడా అడుగుతున్నారు. ఫోన్, వాట్సాప్ వాడండి, తొందరగా తేలుతుంది. కానీ అక్కడ తేలినదాన్ని అదే రోజు రెండు లైన్ల మెయిల్‌లో పెట్టండి. అవతలి మనిషి వాట్సాప్‌లో మనసు విప్పి చెప్పినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ మేనేజర్‌కి పంపడం మాత్రం వద్దు. ఒక్కసారి అలా చేస్తే ఆ ఆఫీసులో ఇంకెవరూ మీతో ఫోన్‌లో మాట్లాడరు, డాక్యుమెంట్ కంట్రోలర్‌తో సహా.

పైన చెప్పిన వారాలు యూఏఈవి, ఇక్కడ సెలవు శని, ఆదివారాలు, శుక్రవారం చాలా ఆఫీసులు సగం రోజే. దోహా, రియాద్‌లో ఉన్నవాళ్ళకి శుక్ర, శనివారాలు సెలవు. మూడో మెయిల్ గురువారం సాయంత్రం పెట్టి ఆదివారం పొద్దున్నే గడువు ఇస్తే మీరు ఆయనకి ఒక్క పనిదినం కూడా ఇవ్వనట్టే. రంజాన్‌లో పని గంటలు తగ్గుతాయి కాబట్టి ఇంకో రెండు రోజులు కలపండి. ఆర్‌ఈ లీవు తేదీలు కూడా ముందే కనుక్కోండి, ఈద్‌కి ముందు వారం పెద్దవాళ్ళు దొరకడం కష్టం.